వాచీలో 10,400 అడుగులు, యాప్‌లో 3,100: మధ్యలో ఆగేది ఎక్కడ?

క్లుప్తంగా: వాచీ కొలిచిన అడుగులు నేరుగా బయటి యాప్‌కు వెళ్లవు. వాచీ నుంచి ఆ కంపెనీ ఫోన్ యాప్‌కు, అక్కడి నుంచి ఆండ్రాయిడ్‌లోని హెల్త్ కనెక్ట్ అనే ఉమ్మడి ఖాతాకు, ఆ తర్వాతే మనం వాడే యాప్‌కు చేరతాయి. హెల్త్ కనెక్ట్‌లో రాయడానికి ఒక అనుమతి, చదవడానికి మరో అనుమతి ఉంటాయి. ఏది లేకపోయినా తెర మీద ఎర్రగా హెచ్చరిక రాదు, అంకె తప్పుగా కనిపిస్తుంది, అంతే. సరైన అంకె ఆఖరుసారి ఎక్కడ కనిపించిందో పట్టుకుంటే, దాని తర్వాతి గడపే మూసి ఉందని అర్థం. యాప్ తీసేసి మళ్లీ వేసుకోవడం చివరి మార్గం కావాలి. దానికి ఒక నష్టం ఉంది.

నడకకు పాయింట్లు ఇచ్చి, వాటిని బట్టి ప్రీమియంలో తగ్గింపు ఇచ్చే ఆరోగ్య బీమా యాప్‌లు మన దగ్గర వాడకంలోకి వచ్చాక ఈ సమస్య సరదా వ్యవహారం కాకుండా పోయింది. రోజుకు 10,000 అడుగులు అన్న నిబంధన ఉన్న యాప్‌ను ఉదాహరణగా తీసుకుందాం. పాలసీదారు చేతికి గెలాక్సీ వాచ్ ఉంది. ఉదయం ఫోన్ ఇంట్లో చార్జింగ్‌కు పెట్టి నడకకు వెళ్తే 7,000 అడుగులు పడ్డాయి. మిగతా రోజంతా ఆఫీసులో, ఇంట్లో కలిపి 3,400. రాత్రి వాచీలో మొత్తం 10,400 కనిపిస్తోంది. బీమా యాప్‌లో మాత్రం 3,100. ఆ రోజు లెక్కలోకి రాలేదు.

ఈ 3,100 అన్న అంకె ఊరికే వచ్చింది కాదు. తప్పు ఎక్కడుందో చెప్పే ఆనవాలు అదే.

## అంకె నడిచే దారి

గెలాక్సీ వాచ్‌లోని సెన్సర్ చేతి కదలికను అడుగులుగా మార్చి వాచీలోనే దాచుకుంటుంది. బ్లూటూత్ కలిసినప్పుడు ఆ లెక్క ఫోన్‌లోని శాంసంగ్ హెల్త్‌కు వస్తుంది. ఇది మొదటి మజిలీ. శాంసంగ్ హెల్త్ ఆ లెక్కను హెల్త్ కనెక్ట్‌లో రాస్తుంది. ఇది రెండోది. బీమా యాప్ హెల్త్ కనెక్ట్‌ను తెరిచి చదువుకుంటుంది. ఇది మూడోది. ఆ తర్వాత బీమా యాప్ తన సర్వర్‌కు పంపుకోవడం దాని సొంత వ్యవహారం.

హెల్త్ కనెక్ట్ అంటే ఫోన్‌లోనే ఉండే ఒక ఉమ్మడి ఖాతా పుస్తకం. గూగుల్ దీన్ని 2022లో శాంసంగ్‌తో కలిసి ప్రకటించింది. ఆండ్రాయిడ్ 13, అంతకు ముందు వెర్షన్లలో ప్లే స్టోర్ నుంచి వేసుకోవాల్సిన విడి యాప్‌గా ఉండేది. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 నుంచి ఫోన్ వ్యవస్థలోనే భాగమైంది. అందుకే కొత్త ఫోన్లలో దీని ఐకాన్ వెతికినా కనబడకపోవచ్చు. సెట్టింగ్స్ పైన ఉండే వెతుకులాట పెట్టెలో `Health Connect` అని టైప్ చేయడం అన్నిటికంటే దగ్గరి దారి. వరుసగా వెళ్లాలంటే శాంసంగ్ ఫోన్లలో `Security and privacy` → `More privacy settings` → `Health Connect`. పిక్సెల్ ఫోన్లలో `Security & privacy` → `Privacy controls` → `Health Connect`.

ఇందులో రాసినది ఫోన్‌లోనే గుప్తీకరించి ఉంటుంది, గూగుల్ సర్వర్‌కు వెళ్లదు. ఆరోగ్య సమాచారం కాబట్టి ఫోన్‌కు పిన్, ప్యాటర్న్ లేదా పాస్‌వర్డ్‌తో లాక్ ఉండాలని కూడా అడుగుతుంది. లాక్ పెట్టుకోని ఇంటి పెద్దల ఫోన్లలో పని మొదలుకాక ముందే ఆగిపోవడానికి ఒక్కోసారి ఇదే కారణం.

## ఇప్పుడే ఎందుకు ఇంత తికమక

చాలా ఏళ్లు ఈ ఉమ్మడి ఖాతా పని గూగుల్ ఫిట్ చేసింది. దాని పద్ధతి వేరు. లెక్క గూగుల్ అకౌంట్‌లో, అంటే ఇంటర్నెట్‌లో ఉండేది. యాప్‌కు ఒక్కసారి అకౌంట్‌తో అనుమతి ఇస్తే చాలు, ఫోన్ తెరవకపోయినా ఆ కంపెనీ సర్వర్ నేరుగా లెక్క తీసుకోగలిగేది. గూగుల్ 2024 మే 1 నుంచి గూగుల్ ఫిట్ డెవలపర్ సేవలకు కొత్త యాప్‌ల నమోదు ఆపేసి, 2026లో వాటికి స్వస్తి చెబుతామని తెలిపింది. దాంతో యాప్‌లు ఒక్కొక్కటిగా హెల్త్ కనెక్ట్‌కు మారుతున్నాయి.

ఈ మార్పులో వాడేవారికి చెప్పకుండా జారిపోయే విషయం ఒకటుంది. పాత అనుమతులు కొత్త చోటికి రావు. గూగుల్ ఫిట్‌కు ఇచ్చిన అంగీకారం హెల్త్ కనెక్ట్‌కు చెల్లదు. యాప్ అప్‌డేట్ అయిన మర్నాడు “నిన్నటిదాకా బాగానే పనిచేసింది” అనే ఫిర్యాదు అందుకే వస్తుంది. రెండో మార్పు ఇంకా పెద్దది. లెక్క ఇప్పుడు ఇంటర్నెట్‌లో కాక ఫోన్‌లో ఉంది కాబట్టి, ఫోన్‌లోని యాప్ మేల్కొని చదివితేనే కంపెనీకి తెలుస్తుంది. ఇంతకు ముందు అవసరం లేని ఒక అనుమతి ఇప్పుడు అవసరమైంది. దాని సంగతి కింద వస్తుంది.

## సున్నా కాకుండా 3,100 ఎందుకు

వాచీ లెక్క రాకపోతే బీమా యాప్‌లో సున్నా కనిపించాలి కదా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. ఒకప్పుడు అలాగే ఉండేది. ఇప్పుడు ఆండ్రాయిడ్ 14, ఆపై వెర్షన్లలో సరిపడా అప్‌డేట్లు ఉన్న ఫోన్లలో హెల్త్ కనెక్ట్ తనంతట తాను ఫోన్ సెన్సర్‌తో అడుగులు లెక్కిస్తుంది. అడుగులు చదివే అనుమతి ఏదో ఒక యాప్‌కు ఇచ్చిన క్షణం నుంచి ఈ లెక్క మొదలవుతుంది. ఫోన్ జేబులో ఉన్నంతసేపు పడిన అడుగులు ఇందులోకి వస్తాయి.

మన ఉదాహరణలో ఉదయం నడకకు ఫోన్ వెంట లేదు. ఆఫీసులో, ఇంట్లో వేసిన 3,400లో ఫోన్ జేబులో ఉండగా పడినవి 3,100. బీమా యాప్ చూపిస్తున్నది సరిగ్గా ఇవే. అంటే బీమా యాప్‌కు చదివే అనుమతి ఉంది, అది చదువుతోంది కూడా. పుస్తకంలో వాచీ పేరుతో ఉండాల్సిన వరుసే లేదు. శాంసంగ్ హెల్త్ రాయడం లేదు.

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. అంకె తప్పుగా కనిపిస్తున్నది బీమా యాప్‌లో కాబట్టి దాన్నే తీసేసి మళ్లీ వేస్తారు, దాని అనుమతులే పదిసార్లు మారుస్తారు. ఎంత చేసినా 3,100 అలాగే ఉంటుంది. తలుపు మూసి ఉన్నది పక్క గదిది.

## నాలుగు చోట్ల ఒకే అంకె చూడాలి

ఏ సెట్టింగూ తాకకముందు చేయాల్సిన పని ఐదు నిమిషాలది. ఒకే రోజు అడుగుల అంకెను నాలుగు చోట్ల చూసి కాగితం మీద రాసుకోవాలి. వాచీ తెర మీద. ఫోన్‌లో శాంసంగ్ హెల్త్ హోమ్ పేజీలో. హెల్త్ కనెక్ట్‌లో. చివరగా బీమా యాప్‌లో. ఈ రోజుది కాకుండా నిన్నటి అంకె తీసుకోవడం మేలు. ఈ రోజు అంకె నిమిషనిమిషానికీ మారుతుంది, ఒక్కో చోటికి ఒక్కో వేగంతో చేరుతుంది. ఆ తేడా చూసి లోపం అనుకునే ప్రమాదం ఉంది.

హెల్త్ కనెక్ట్‌లో చూడాలంటే `Data and access` తెరిచి, `Activity` కింద `Steps` నొక్కాలి. తేదీ మార్చుకుంటూ పోతే ఆ రోజు నమోదైన ఎంట్రీలు వస్తాయి. ప్రతి ఎంట్రీతో పాటు దాన్ని రాసిన యాప్ పేరు ఉంటుంది. అంకె కంటే ఈ పేరే ముఖ్యం. శాంసంగ్ హెల్త్ పేరుతో ఎంట్రీలు ఉంటే రెండో మజిలీ దాటినట్టు. ఫోన్ పేరుతోనో వేరే యాప్ పేరుతోనో మాత్రమే ఉంటే దాటనట్టు.

వాచీలో 10,400 ఉండి శాంసంగ్ హెల్త్‌లోనే తక్కువ ఉంటే గొడవ అనుమతులది కాదు, బ్లూటూత్‌ది. ఆండ్రాయిడ్ 12 నుంచి `Nearby devices` అనే విడి అనుమతి వచ్చింది. వాచీని ఫోన్‌తో కలిపే గెలాక్సీ వేరబుల్ యాప్‌కు అది ఉందో లేదో చూసి, శాంసంగ్ హెల్త్ తెరిచి పేజీని కిందికి లాగితే సాధారణంగా వచ్చేస్తుంది. వాచీ ఆ లెక్కను దాచుకునే ఉంటుంది కాబట్టి ఆలస్యమైనా నష్టం ఉండదు.

## రాసే అనుమతి

మన ఉదాహరణలో వాచీ 10,400, శాంసంగ్ హెల్త్ 10,400, హెల్త్ కనెక్ట్‌లో ఫోన్ పేరుతో 3,100, బీమా యాప్‌లో 3,100. సరైన అంకె ఆఖరుసారి కనిపించింది శాంసంగ్ హెల్త్‌లో. కాబట్టి బాగుచేయాల్సింది దాని తర్వాతి గడప.

శాంసంగ్ హెల్త్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి `Settings` లోకి, అక్కడ `Health Connect` లోకి వెళ్లాలి. లేదా నేరుగా హెల్త్ కనెక్ట్‌లో `App permissions` తెరిచి `Samsung Health` నొక్కాలి. రెండు భాగాలు కనిపిస్తాయి: `Allowed to read`, `Allowed to write`. వాచీ లెక్క బయటికి రావాలంటే `Allowed to write` కింద `Steps` ఆన్ అయి ఉండాలి. పైన `Allow all` ఒక్కటి నొక్కితే అన్నీ ఆన్ అవుతాయి. కానీ అన్నీ అవసరం లేదు. బీమా యాప్‌కు అడుగులే కావాలంటే అడుగులు ఒక్కటే ఆన్ చేసినా పని జరుగుతుంది. ప్రతి రకం సమాచారానికీ విడి స్విచ్ ఉండడం హెల్త్ కనెక్ట్‌లో నిజంగా మెచ్చుకోదగ్గ విషయం. అదే చిక్కులకూ మూలం. మొదటిసారి తెర వచ్చినప్పుడు `Steps` ఆన్ చేసి `Exercise` వదిలేస్తే, అడుగులు వస్తాయి గానీ “45 నిమిషాల నడక” అన్న వ్యాయామం రాదు. రెండింటినీ ఒకటిగా అనుకునేవారికి ఇది సగం పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది.

శాంసంగ్ హెల్త్‌లో మరో సెట్టింగు కూడా ఉంది, శాంసంగ్ అకౌంట్‌తో సింక్. పేరులో సింక్ ఉంది కాబట్టి అది ఆన్‌లో ఉంటే చాలనుకుంటారు. అది లెక్కను శాంసంగ్ సర్వర్‌లో భద్రపరచడానికి. హెల్త్ కనెక్ట్‌తో దానికి సంబంధం లేదు.

స్విచ్ ఆన్ చేశాక శాంసంగ్ హెల్త్‌ను ఒకసారి తెరిచి, పేజీ కిందికి లాగి, కాసేపాగి హెల్త్ కనెక్ట్‌లో మళ్లీ ఎంట్రీలు చూడాలి. శాంసంగ్ హెల్త్ పేరు కనిపించాకే బీమా యాప్ తెరవాలి. ఈ వరుస పాటించకుండా అన్నీ ఒకేసారి తెరిచి చూస్తే ఏది పనిచేసిందో తెలియదు.

వేరే కంపెనీల వాచీలకూ లెక్క ఇదే, మధ్యలో ఉండే యాప్ పేరు మారుతుంది. అయితే తక్కువ ధర వాచీలు కొన్నింటి యాప్‌లకు హెల్త్ కనెక్ట్‌లో రాసే ఏర్పాటే ఉండదు. దాన్ని తేల్చుకోవడం తేలిక. `App permissions` జాబితాలో ఆ వాచీ యాప్ పేరు లేకపోయినా, ఉండి `Allowed to write` కింద `Steps` అన్న వరుస లేకపోయినా, ఆ యాప్ ఆ అనుమతి అడగనే లేదన్నమాట. ఒక యాప్ అడిగిన రకాలే అక్కడ కనిపిస్తాయి. అలాంటప్పుడు ఫోన్‌లో ఎన్ని సెట్టింగులు మార్చినా ప్రయోజనం లేదు. యాప్ అప్‌డేట్ ఉందేమో చూడడం, లేదంటే ఆ కంపెనీని అడగడం తప్ప వేరే దారి లేదు.

## చదివే అనుమతి, దాని వెనుక ఉన్న రెండు చిన్న స్విచ్‌లు

హెల్త్ కనెక్ట్‌లో శాంసంగ్ హెల్త్ పేరుతో 10,400 ఉండి, బీమా యాప్‌లో అంకె రాకపోతే చూడాల్సింది `App permissions` లో బీమా యాప్ పేజీ. `Allowed to read` కింద `Steps` ఆఫ్‌లో ఉంటే ఆన్ చేయాలి. బీమా యాప్ లోపల “కనెక్ట్” బటన్ నొక్కినా అనుమతి తెర రాకుండా వెనక్కి వస్తుంటే, అంతకుముందు ఎవరో ఆ తెరను రెండుసార్లు వద్దని మూసి ఉంటారు. రెండుసార్లు కాదన్నాక మళ్లీ అడిగే వీలు యాప్‌కు ఉండదు. బటన్ చెడిపోయినట్టు కనిపిస్తుంది గానీ చెడిపోయినది ఏమీ లేదు. హెల్త్ కనెక్ట్‌లోకి వెళ్లి చేత్తో ఆన్ చేస్తే సరిపోతుంది.

అదే పేజీలో కింద `Additional access` అని ఉంటుంది. దాన్ని తెరిచేవారు తక్కువ. అక్కడ రెండు విషయాలుంటాయి.

ఒకటి, యాప్ మూసి ఉన్నప్పుడు కూడా చదివే అనుమతి. ఇది లేకపోతే బీమా యాప్ తెర మీద తెరిచి ఉన్నంతసేపే చదవగలదు. పదిరోజులు యాప్ తెరవకపోతే పదిరోజులు దాని సర్వర్‌కు ఏమీ చేరదు. తెరిచిన రోజు అన్నీ ఒక్కసారిగా వస్తాయి. కొన్ని పథకాల్లో లెక్క ఫలానా గడువులోపు చేరాలన్న నిబంధన ఉంటుంది కాబట్టి ఆలస్యంగా రావడమూ నష్టమే. ఈ స్విచ్ ఆన్ చేయడానికి వీలున్నా లేకున్నా, వారానికి రెండుమూడు సార్లు యాప్ తెరిచి అడుగుల పేజీ పూర్తిగా లోడయ్యేదాకా ఆగడం మంచిది.

రెండోది, పాత సమాచారం చదివే అనుమతి. ఇక్కడ వినిపించే “30 రోజుల పరిమితి” అన్న మాటను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. ఈ రోజు నుంచి వెనక్కి 30 రోజులు కాదు. యాప్‌కు మొదటిసారి అనుమతి ఇచ్చిన రోజు నుంచి వెనక్కి 30 రోజులు. జూన్ 20న అనుమతి ఇస్తే మే 21 నుంచి ఉన్నవి చదవగలదు, అక్కడి నుంచి ముందుకు ఎన్ని నెలలైనా చదువుతూనే ఉంటుంది. అంతకంటే వెనక్కి వెళ్లాలంటే ఈ అదనపు అనుమతి కావాలి, దాన్ని అడిగే ఏర్పాటు యాప్‌లోనూ ఉండాలి.

యాప్ తీసేసి మళ్లీ వేయమన్న సలహాలో దాగి ఉన్న నష్టం ఇదే. జనవరి 10న అనుమతి ఇచ్చిన యాప్ డిసెంబర్ 11 నుంచి చదవగలదు. జూన్ 20న దాన్ని తీసేసి, మళ్లీ వేసి, కొత్తగా అనుమతి ఇస్తే గడియారం మొదటికి వస్తుంది. ఇక మే 21కి ముందువి కనిపించవు. పాత లెక్క హెల్త్ కనెక్ట్‌లో చెక్కుచెదరకుండా ఉంటుంది, యాప్‌కు దాన్ని చూసే హక్కు పోతుంది. అప్పటికే బీమా సర్వర్‌కు చేరినవి అక్కడ ఉంటాయి గానీ, మధ్యలో చేరకుండా ఆగిపోయిన ఫిబ్రవరి, మార్చి రోజులుంటే వాటిని తిరిగి తెచ్చుకునే దారి మూసుకుపోతుంది. అందువల్ల ముందుగా `Allowed to write`, `Allowed to read`, `Additional access` మూడూ చూసి, అప్పటికీ కుదరకపోతేనే ఆ పనికి పూనుకోవాలి.

## అనుమతులన్నీ ఉన్నా రాకపోతే

అన్ని స్విచ్‌లూ ఆన్‌లో ఉండి, యాప్ తెరిచిన వెంటనే అంకె సరైపోతూ, తెరవకపోతే మాత్రం పాతబడిపోతుంటే అది అనుమతుల సమస్య కాదు. ఫోన్ బ్యాటరీ ఆదా కోసం ఆ యాప్‌ను నిద్రపుచ్చుతోంది. శాంసంగ్ ఫోన్లలో `Battery` → `Background usage limits` కింద నిద్రపుచ్చిన యాప్‌ల జాబితాలు ఉంటాయి. అందులో శాంసంగ్ హెల్త్ గానీ బీమా యాప్ గానీ ఉంటే తీసేసి, ఎన్నడూ నిద్రపుచ్చకూడని జాబితాలో చేర్చాలి. షావోమీ ఫోన్లలో దీనికి తోడు `Autostart` అనే స్విచ్ ఉంటుంది. కొన్ని నెలలు వాడని యాప్‌ల అనుమతులను ఆండ్రాయిడ్ తానే వెనక్కి తీసుకునే ఏర్పాటు కూడా ఉంది. యాప్ సమాచారం పేజీలో దానికి విడి స్విచ్ కనిపిస్తుంది. ఏడాదికోసారి తెరిచే బీమా యాప్‌కు దాన్ని ఆఫ్ చేయడం అవసరం.

ఫోన్‌ను ఆండ్రాయిడ్ 13 నుంచి 14కి మార్చినప్పుడు హెల్త్ కనెక్ట్ పాత యాప్ నుంచి వ్యవస్థలోకి తన పుస్తకాన్ని తరలించుకుంటుంది. ఆ పని పూర్తయ్యేదాకా ఏ యాప్ కూడా చదవలేదు, రాయలేదు. హెల్త్ కనెక్ట్ తెరిస్తే తరలింపు ఆగిందన్న సందేశం ఉంటే, అడిగిన అప్‌డేట్ వేసి ఫోన్ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేస్తే ముందుకు సాగుతుంది.

## ఎక్కువ చూపించినా లోపమే

రాసే అనుమతి ఇచ్చిన మర్నాడు బీమా యాప్‌లో 10,400 కాకుండా 13,500 కనిపించిందనుకుందాం. 10,400కు 3,100 కలిపితే 13,500. జేబులో ఫోన్ లెక్కించిన అడుగులనూ చేతికున్న వాచీ లెక్కించిన అడుగులనూ రెండు వేర్వేరు నడకలుగా కూడేశారన్నమాట.

హెల్త్ కనెక్ట్‌లో మొత్తాన్ని అడిగే పద్ధతులు రెండు. ఎంట్రీలన్నీ తీసుకుని యాప్ తానే కూడుకోవచ్చు. లేదా మొత్తం ఎంతో చెప్పమని హెల్త్ కనెక్ట్‌నే అడగవచ్చు. రెండో పద్ధతిలో ఒకే సమయానికి రెండు లెక్కలు ఉంటే ప్రాధాన్య క్రమంలో పైనున్న యాప్ లెక్కను మాత్రమే తీసుకుని, ఖాళీ ఉన్న సమయాన్ని కింది యాప్ లెక్కతో పూరిస్తుంది. ఆ క్రమం `Manage data` → `Data sources and priority` లో ఉంటుంది. అక్కడ శాంసంగ్ హెల్త్‌ను వేలితో పట్టి పైకి జరపాలి. ఫోన్ లెక్క పైన ఉంటే, ఫోన్ జేబులో ఉన్న గంటలకు ఫోన్ అంకె, ఉదయం నడకకు వాచీ అంకె తీసుకుంటుంది. ఒకే నడకకు ఫోన్ అంకె, వాచీ అంకె కొద్దిగా తేడాగా ఉండవచ్చు. అంకె 10,000 చుట్టుపక్కల ఊగే రోజుల్లో ఆ కొద్ది తేడాయే రోజును లెక్కలోకి తెస్తుంది లేదా బయట పెడుతుంది.

క్రమం మార్చాక కూడా 13,500 అలాగే ఉంటే యాప్ మొదటి పద్ధతిలో తానే కూడుతోందని అర్థం. అది వాడేవారు సరిచేయగలిగింది కాదు. కంపెనీకి రాసేటప్పుడు మూడు అంకెలూ, అంటే 10,400, 3,100, 13,500, ఇచ్చి రెండు మూలాలను కలిపి కూడుతున్నారని చెబితే, “యాప్ పనిచేయడం లేదు” అన్న ఫిర్యాదు కంటే త్వరగా కదులుతుంది. ఎక్కువ వచ్చింది కదా అని ఊరుకోవడం మంచిది కాదు. తర్వాత కంపెనీ సరిచేసినప్పుడు పాత రోజులు వెనక్కి పోవచ్చు.

తక్కువైన రోజును చేత్తో ఎక్కించి సరిపెట్టే ఆలోచన కూడా పనికిరాదు. ఎంట్రీ తనంతట తాను నమోదైందా, చేత్తో టైప్ చేసిందా అన్న గుర్తు ఎంట్రీతోనే ఉంటుంది, చదివే యాప్‌కు అది కనిపిస్తుంది. అలా ఎక్కించిన వాటిని లెక్కలోంచి తీసేసే వీలు వారికి ఉంటుంది.

## ఐఫోన్‌లో తేడా

యాపిల్ వాచ్ వాడేవారికి ఒక గడప తక్కువ. మధ్యలో వేరే కంపెనీ యాప్ లేదు, వాచీ నేరుగా ఐఫోన్‌లోని హెల్త్‌లో రాస్తుంది. 2014 నుంచి ఉన్న ఈ ఏర్పాటు పేరు హెల్త్‌కిట్. ఇక్కడ మిగిలేది చదివే అనుమతి ఒక్కటే. కానీ దాని స్వభావం వేరు.

ఆండ్రాయిడ్‌లో తనకు అనుమతి ఉందో లేదో యాప్ తెలుసుకోగలదు, లేకపోతే చెప్పగలదు. ఐఫోన్‌లో చదివే అనుమతి నిరాకరించిన సంగతి యాప్‌కు తెలియనివ్వరు. దానికి కనిపించేదల్లా సమాచారం లేకపోవడమే. కారణం సబబైనదే. ఉదాహరణకు రక్తంలో చక్కెర చూడనివ్వలేదు అన్న సంగతే ఆ మనిషికి మధుమేహం ఉందేమో అన్న సూచన ఇస్తుంది, ఆ సూచన కూడా బయటికి పోకూడదన్నది యాపిల్ ఆలోచన. ఫలితంగా యాప్ “మీ దగ్గర అడుగుల సమాచారం లేదు” అంటుంది, లేదా సున్నా చూపిస్తుంది. సహాయ కేంద్రానికి ఫోన్ చేసినా వారికీ అంతకు మించి కనిపించదు. చూడగలిగింది ఫోన్ యజమాని ఒక్కరే. హెల్త్ యాప్‌లో పైన ఉన్న ఫొటో నొక్కి `Apps` లోకి వెళ్లి, ఆ యాప్ పేరు మీద నొక్కి, `Steps` ఆన్‌లో ఉందో చూసుకోవాలి. ఫోన్ లాక్ అయి ఉన్నప్పుడు ఈ సమాచారం గుప్తీకరించే ఉంటుంది కాబట్టి, రాత్రంతా ఫోన్ పక్కన పెట్టి పొద్దున అప్‌డేట్ కాలేదనుకోవడం సరికాదు. తెరిచాక చదువుతుంది.

వాచీలోనే లెక్క ఆగితే ఐఫోన్‌లోని వాచ్ యాప్‌లో `Privacy` కింద `Fitness Tracking`, `Heart Rate` స్విచ్‌లు చూడాలి.

## ఏ అనుమతి ఇచ్చినా రానివి

అడుగుల సంగతి తేలాక, అదే దారిలో మిగతావన్నీ వస్తాయని ఆశించడం సహజం. హెల్త్ కనెక్ట్‌లో ముందే నిర్ణయించిన రకాలకు మాత్రమే చోటుంది. అడుగులు, దూరం, వ్యాయామం, గుండె వేగం, నిద్ర, రక్తంలో ఆక్సిజన్, బరువు, రక్తపోటు వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. శాంసంగ్ హెల్త్ చూపించే స్ట్రెస్ అంకె గానీ, వాచీలో తీసిన ఈసీజీ గీత గానీ అందులో లేవు. అవి ఈ దారిలో బయటి యాప్‌కు రావు. డాక్టరుకు చూపించాల్సిన ఈసీజీని శాంసంగ్ హెల్త్ మానిటర్ అనే విడి యాప్ నుంచే పీడీఎఫ్‌గా పంపుకోవాలి.

జాబితాలో ఉన్నవి కూడా వాచీ కొలిస్తేనే ఉంటాయి. గెలాక్సీ వాచ్‌లో గుండె వేగం కొలిచే సెట్టింగు మూడు రకాలు: ఎడతెరిపి లేకుండా, కదలకుండా ఉన్నప్పుడు పది నిమిషాలకోసారి, అడిగినప్పుడు మాత్రమే. చార్జింగ్ ఎక్కువసేపు రావాలని మూడోది పెట్టుకున్నవారికి బయటి యాప్‌లో గుండె వేగం గీత నాలుగు చుక్కలుగా కనిపిస్తుంది. నడక దారి మ్యాప్‌కు కూడా హెల్త్ కనెక్ట్‌లో వ్యాయామంతో కలవని విడి అనుమతి ఉంది. నడక వచ్చి మ్యాప్ రాకపోతే చూడాల్సింది ఆ స్విచ్. ఇంటి గుమ్మం నుంచి మొదలయ్యే గీత కాబట్టి, బీమా యాప్ అడిగినా దాన్ని ఆఫ్‌లో ఉంచితే అడుగుల లెక్కకు వచ్చే లోటేమీ లేదు.